రబ్బరు ముఖం కాకుండా బ్లెండ్ షేప్‌లు: కనురెప్ప నుంచి చిరునవ్వు దాకా

3డీ పాత్ర ముఖానికి ఒక భావాన్ని చెక్కి, స్లయిడర్‌తో దాన్ని తెచ్చే పద్ధతే బ్లెండ్ షేప్. ఆ స్లయిడర్ సున్నా దగ్గర ఉన్నప్పుడు ముఖం బాగుంటుంది. ఒకటి దగ్గర నిలిపి చూసినా బాగుంటుంది. చిక్కంతా ఆ రెండింటి మధ్య నడిపించినప్పుడే వస్తుంది. నోటి మూలలు ఎవరో దారం కట్టి లాగినట్టు జారుతాయి, రెప్ప సగంలో కనుగుడ్డులోకి దిగిపోతుంది, చెంప ఎటు లాగితే అటు సాగుతుంది. శిల్పం బాగా చెక్కినవాళ్ల పాత్రల్లోనూ ఇది కనిపిస్తుంది. కాబట్టి లోపం చెక్కడంలోనే ఉందనుకుని అదే షేప్‌ను మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చోవడం వృథా. ఒక కనురెప్పను, ఒక చిరునవ్వును తీసుకుని ఆ లోపం ఎక్కడుందో, ఎలా సరిచేయాలో చూద్దాం. మెనూ పేర్లు బ్లెండర్‌వి. అందులో బ్లెండ్ షేప్‌ను షేప్ కీ అంటారు. పద్ధతి మాత్రం మాయాలోనూ ఇదే. ఇంకా చెప్పాలంటే మాయా షేప్ ఎడిటర్‌లో సగం దారిని దిద్దే మధ్యస్థ షేప్‌లకూ, రెండు షేప్‌లు కలిసినప్పుడు దిద్దే జంట షేప్‌లకూ నేరుగా ఆదేశాలున్నాయి. బ్లెండర్‌లో వాటిని మనమే కట్టుకోవాలి.

రబ్బరు ఎక్కడ పుడుతుంది

బ్లెండ్ షేప్ చేసే లెక్క ఇంతే:

```
P = B + w1*(S1 - B) + w2*(S2 - B)
```

B అంటే ఏ భావమూ లేని ముఖంలో ఒక వర్టెక్స్ ఉన్న చోటు. S1 అంటే మీరు చెక్కిన షేప్‌లో అదే వర్టెక్స్ చేరిన చోటు. w1 స్లయిడర్ విలువ. ఈ లెక్కలో గమనించాల్సినవి రెండు. మొదటిది, ప్రతి వర్టెక్సూ బయలుదేరిన చోటు నుంచి చేరాల్సిన చోటుకు సరళరేఖలో వెళుతుంది. రెండోది, రెండు షేప్‌లు కలిస్తే వాటి కదలికలు ఒకదానిపై ఒకటి కూడతాయి తప్ప, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు.

నిజమైన ముఖంలో ఈ రెండూ జరగవు. చర్మం కింద గట్టి వస్తువులున్నాయి: కనుగుడ్డు, పళ్ల వరుస, చెంప ఎముక. చర్మం వాటి వంపు మీదుగా జారుతుంది, వాటిని చీల్చుకుని పోదు. అలాగే ఒకచోట సాగిన చర్మం మరో కండరం లాగినప్పుడు ముందటంత దూరం సాగలేదు. ఈ రెండు తేడాలే కంటికి రబ్బరులా తోస్తాయి. కిందున్న పని దాదాపు అంతా వీటిని పూడ్చడమే.

మెష్ సిద్ధం చేయడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, కానీ ఒక మాట తప్పదు. షేప్ కీలు పెట్టాక వర్టెక్స్‌ల సంఖ్యనూ వరుసనూ మార్చకూడదు. మిర్రర్ లాంటి మాడిఫయర్లను ముందే అప్లై చేయండి. షేప్ కీలున్న మెష్ మీద వాటిని అప్లై చేయడానికి బ్లెండర్ ఒప్పుకోదు. కంటి చుట్టూ, నోటి చుట్టూ వలయాకారపు ఎడ్జ్ లూప్‌లు ఉండాలి. ముక్కు పక్క నుంచి నోటి మూల బయటి వైపుగా దిగే ముడత వెంట కూడా ఒక లూప్ ఉండాలి. ఈ మూడోది చాలా మెష్‌లలో ఉండదు. అది లేకపోతే నవ్వినప్పుడు ముడత పడటానికి చోటే ఉండదు, చెంప మొత్తం ఒకే పలకలా సాగుతుంది.

షేప్‌ల పేర్లకు ఆపిల్ ఏఆర్‌కిట్ జాబితాను వాడటం మంచిది. అందులో 52 షేప్‌లున్నాయి, ముఖాన్ని పసిగట్టే యాప్‌లు చాలావాటికి ఆ పేర్లు తెలుసు. ఇక్కడ మనకు కావలసినవి `eyeBlinkLeft`, `mouthSmileLeft`, `cheekSquintLeft` అనే మూడు, వాటి కుడివైపు జతలు. దవడను మాత్రం షేప్‌తో కాకుండా బోన్‌తో తిప్పమంటాను. దవడ చెవి ముందున్న ఎముకల కీలు చుట్టూ తిరుగుతుంది. తిరిగేదాన్ని సరళరేఖతో నడిపితే సగం తెరిచినప్పుడు గడ్డం కాస్త పొట్టిదవుతుంది.

కనురెప్ప: లెక్కతో సహా

రెప్ప చిన్నదే కానీ సరళరేఖ చేసే చెరుపు ఇక్కడ అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. నిజమైన మనిషి కొలతల్లో చూద్దాం. కనుగుడ్డు వ్యాసార్థం 12 మిల్లీమీటర్లు. పై రెప్ప అంచు దానిని ఆనుకుని, కేంద్రం నుంచి 12.2 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. కన్ను మూసుకోవడానికి ఆ అంచు దాదాపు 44 డిగ్రీలు కిందికి తిరగాలి.

తెరిచిన స్థితి, మూసిన స్థితి రెండూ కనుగుడ్డు మీద చక్కగా ఆనుకున్నాయి. కానీ స్లయిడర్ 0.5 దగ్గర రెప్ప అంచు ఆ రెండు బిందువులను కలిపే సరళరేఖ మధ్యలో ఉంటుంది. అక్కడ కేంద్రం నుంచి దూరం 12.2 × కాస్ 22°, అంటే సుమారు 11.3 మిల్లీమీటర్లు. కనుగుడ్డు వ్యాసార్థం 12 కదా, కాబట్టి రెప్ప 0.7 మిల్లీమీటర్ల లోపల ఉంది. పైగా కార్నియా కాస్త ముందుకు ఉబ్బి ఉంటుంది కాబట్టి కంటి నలుపే ముందు పొడుచుకొస్తుంది. కార్టూన్ పాత్రల్లో పెద్ద కళ్లకు రెప్ప 80 డిగ్రీలు తిరగాల్సి వస్తే, సగం దారిలో వ్యాసార్థంలో దాదాపు పావువంతు పోతుంది. కనుగుడ్డు బయటపడకుండా కొందరు రెప్పను ముందే లావుగా చేసి దూరం జరుపుతారు. అప్పుడు కన్ను తెరిచి ఉన్నంతసేపూ వాచినట్టు ఉంటుంది. అది పరిష్కారం కాదు.

ముందుగా మూసిన షేప్‌ను సరిగా చేసుకోవాలి. `Basis` తర్వాత కొత్త కీ చేర్చి `eyeBlinkLeft` అని పేరు పెట్టండి. 3డీ కర్సర్‌ను కనుగుడ్డు కేంద్రంలో పెట్టి, పివట్‌ను దానికి మార్చండి. రెప్ప అంచు వరుసను 44 డిగ్రీలు తిప్పండి. దాని పై వరుసను 36, ఆ పైదాన్ని 27, ఇలా తగ్గించుకుంటూ కనుబొమ కింది మడత దగ్గర ఆపండి. కంటి రెండు మూలలు కదలకూడదు. కింది రెప్ప ఒక మిల్లీమీటరు పైకి లేచి, ముక్కు వైపు కొద్దిగా జరిగితే చాలు. పై కింది రెప్పలు కంటి నడిమధ్యలో కలిస్తే అది మనిషి కన్నులా ఉండదు. మూసుకునే పని దాదాపు అంతా పై రెప్పదే, గీత కింది రెప్ప దగ్గర పడాలి. పై రెప్ప మడతలో దాగిన చర్మం మూసినప్పుడు విప్పుకుంటుంది, కాబట్టి మూసిన షేప్‌లో ఆ మడత చదునుగా ఉండాలి.

ఇప్పుడు సగం దారిని దిద్దే షేప్ కావాలి. ఇందులో ప్రతి అడుగుకూ కారణం ఉంది కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

1. `eyeBlinkLeft` విలువను 0.5 చేసి, షేప్ కీల మెనూలో `New Shape from Mix` నొక్కండి. సగం మూసిన స్థితి కొత్త కీగా వస్తుంది. దానికి `eyeBlinkLeft_50` అని పేరు పెట్టండి.

2. `eyeBlinkLeft` ను 0 చేసి, కొత్తదాన్ని 1 చేయండి. ఇది మరిస్తే రెండూ కూడి రెప్ప పూర్తిగా మూసుకుపోతుంది, మీరు దిద్దేది సగం స్థితిని కాదు.

3. ఎడిట్ మోడ్‌లో, కనుగుడ్డు కేంద్రాన్ని పివట్‌గా ఉంచి, రెప్ప అంచు వరుసను 1.08 రెట్లు స్కేల్ చేయండి. 11.3 ను తిరిగి 12.2 చేసేది ఆ 1.08. 27 డిగ్రీలు తిరిగిన వరుసకు 1.03 సరిపోతుంది. మడత వైపు వెళ్లేకొద్దీ ఇది ఒకటికి చేరాలి.

4. ఈ కీలో ఇప్పుడు రెండు కదలికలున్నాయి: సగం మూత, మనం చేసిన దిద్దుబాటు. మొదటిది తీసేయాలి. వర్టెక్స్‌లన్నీ ఎంచుకుని `Vertex` మెనూలో `Blend from Shape` తెరవండి. షేప్‌గా `eyeBlinkLeft`, `Blend` విలువగా -0.5 ఇచ్చి, `Add` కు టిక్ పెట్టండి.

5. పరీక్ష: ఈ కీ 1 దగ్గర, `eyeBlinkLeft` సున్నా దగ్గర ఉన్నప్పుడు రెప్ప తెరిచే ఉండి, ఒక మిల్లీమీటరు లోపు మాత్రమే బయటికీ కిందికీ ఉబ్బినట్టు కనిపించాలి. సగం మూసుకుని కనిపిస్తే నాలుగో అడుగు జరగలేదన్నమాట.

ఇక ఈ కీ విలువను చేతితో నడపకూడదు. విలువ మీద కుడి క్లిక్ చేసి `Add Driver` ఎంచుకోండి. వేరియబుల్‌ను `Single Property` చేసి, రకంగా `Key` ఇచ్చి, దారిలో `key_blocks["eyeBlinkLeft"].value` రాయండి. వేరియబుల్ పేరు b అనుకుంటే సూత్రం ఇది:

```
max(0, 4*b*(1-b))
```

b సున్నా అయినా ఒకటి అయినా ఇది సున్నా. సగం దగ్గర ఒకటి. అంటే రెండు చివర్లలో మీరు చెక్కిన షేప్‌లు చెక్కుచెదరవు, దారి మధ్యలోనే దిద్దుబాటు పనిచేస్తుంది. కొందరు దీనికి త్రికోణంలా నిటారుగా ఎక్కి దిగే సూత్రం వాడతారు. అప్పుడు సరిగ్గా సగం దగ్గర రెప్ప వేగం దిశ ఒక్కసారిగా మారి, నిదానంగా ఆడించినప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. పై సూత్రం గీసే వంపు 44 డిగ్రీల వృత్తఖండానికి ఎంత దగ్గరంటే, పావు దారిలో తేడా మిల్లీమీటరులో వందోవంతుకు మించదు. `max` ఎందుకంటే, ఎవరైనా స్లయిడర్ గరిష్ఠాన్ని పెంచి b ను 1.2 చేస్తే మిగతా సూత్రం దాదాపు -1 ఇస్తుంది, రెప్ప లోపలికి పీల్చుకుపోతుంది.

చిరునవ్వు: చర్మం ఎటు పోయింది?

ముఖ కదలికలను కండరాల వారీగా వర్గీకరించిన ఎక్మన్, ఫ్రీసెన్‌ల పద్ధతిలో నోటి మూలను పైకీ వెనక్కీ లాగే కదలికకు 12 అని సంఖ్య ఇచ్చారు. 1978లో ప్రచురించిన ఆ పద్ధతిని ముఖాలు చేసేవాళ్లు నేటికీ వాడతారు. చెంపను పైకి తోసి కన్ను చుట్టూ బిగించే కదలిక 6. ఇవి రెండూ వేర్వేరు కండరాల పనులు. కాబట్టి `mouthSmileLeft` లో మొదటిది, `cheekSquintLeft` లో రెండోది ఉండాలి. నవ్వు షేప్‌లోనే కన్ను బిగింపును కూడా చెక్కేస్తే, తర్వాత రెండూ కలిపి వాడినప్పుడు అదే చర్మం రెండుసార్లు పైకి వెళుతుంది, చెంప కంట్లోకి ఎక్కుతుంది.

నోటి మూలను గ్రాబ్ బ్రష్‌తో పట్టుకుని పక్కకు లాగడంతోనే రబ్బరు మొదలవుతుంది. అది పక్కకు కాదు, పైకీ వెనక్కీ పోవాలి. ముఖాన్ని పై నుంచి చూస్తే పళ్ల వరుస గుర్రపు లాడంలా వంగి ఉంటుంది, నోటి మూల దాని మీదుగా వెనక్కి జారాలి. ఎదుటి నుంచి మాత్రమే చూస్తూ చెక్కితే ఈ లోతు దొరకదు. కింది నుంచీ పక్క నుంచీ చూడటం అలవాటు చేసుకోవాలి. ఇక్కడా సగం దారిలో సరళరేఖ పళ్ల వంపును కోస్తుంది. రెప్పకు చేసినట్టే `mouthSmileLeft_50` చేసి, అదే సూత్రంతో నడిపితే సరి. చిన్న నవ్వుకు దీని అవసరం రాకపోవచ్చు. 0.5 దగ్గర పళ్లు చెంప లోంచి పొడుచుకురాకపోతే వదిలేయండి.

తర్వాత పెదవులు. మామూలుగా 50 మిల్లీమీటర్లున్న నోరు నవ్వినప్పుడు 65 అయిందనుకుందాం. అంటే 1.3 రెట్లు పొడవు. పెదవిలోని కండ అంతే ఉంటుంది కాబట్టి అడ్డుకోత వైశాల్యం 77 శాతానికి తగ్గాలి. ఎత్తూ మందమూ సమానంగా తగ్గితే ఒక్కోటి 88 శాతం అవుతుంది. 8 మిల్లీమీటర్ల ఎత్తున్న పెదవి 7 అవ్వాలి. నిజానికి నవ్వినప్పుడు పెదవి పళ్లకు ఆనుకుని కొద్దిగా లోపలికి ఒరుగుతుంది కనుక బయటికి కనిపించే ఎత్తు ఇంకా తగ్గుతుంది. రబ్బరు నవ్వుల్లో ఏం జరుగుతుందో చూడండి: నోరు వెడల్పవుతుంది, పెదవుల లావు మాత్రం తగ్గదు. మనం దేన్ని చూసి నకిలీ అనుకున్నామో చెప్పలేకపోయినా కన్ను పట్టేస్తుంది.

పెదవి మూల వెనక్కి వెళ్లినప్పుడు దాని వెనుక ఉన్న చర్మం ఎక్కడికి పోవాలి? చెంప ఎముక కింద కుప్ప పడాలి. చెంప ఉబ్బు శిఖరాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి, రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి తీసుకెళ్లండి. మొదటి ప్రయత్నానికి ఈ కొలతలు చాలు, లావు చెంపలకు పెంచాలి. ముక్కు పక్క నుంచి దిగే ముడత వద్ద చెంప వైపు చర్మం వచ్చి ఆగాలి, పెదవి వైపు చర్మం దాని కిందికి దూరాలి. ఈ గీతకు ఇటూ అటూ కదలిక ఒక్కసారిగా మారాలి.

ఎక్కువమంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. పెద్ద బ్రష్‌తో లాగి, స్మూత్ బ్రష్‌తో నున్నగా చేస్తారు. దాంతో కదలిక నోటి మూల నుంచి చెవి దాకా మెల్లగా తగ్గుతూ పోతుంది. ముఖంలో కొన్ని చోట్ల చర్మం ఎముకకు దగ్గరగా అతుక్కుని దాదాపు కదలదు: ముక్కు దూలం, చెవి ముందు భాగం, కంటి గుంట అంచు. చెక్కే ముందే వీటిని మాస్క్ చేసేయండి. కదలని చోటు పక్కన కదిలే చోటు ఉంటేనే కింద ఎముక ఉందని చూసేవాళ్లు నమ్ముతారు. నున్నదనం కావాల్సిన చోట స్మూత్‌కు బదులు `Slide Relax` బ్రష్‌ను `Shift` నొక్కిపట్టి వాడండి. అది ఉబ్బును కరిగించకుండా వర్టెక్స్‌లను ఉపరితలం మీదే సర్దుతుంది.

సరిచూసుకోవడానికి ముఖానికి గళ్ల టెక్స్చర్ వేయండి. నవ్వును 1 చేసినప్పుడు చెంప ఉబ్బు మీద గళ్లు కొద్దిగా చిన్నవవ్వాలి, ముడత వద్ద బాగా నలగాలి, చెవి ముందు మారకూడదు. చెంపంతా గళ్లు సమానంగా సాగి కనిపిస్తే అదే రబ్బరు.

ఎడమ, కుడి విడదీయడం

నవ్వును రెండు వైపులా ఒకేసారి చెక్కి, తర్వాత విడదీయడం తేలిక. పూర్తి నవ్వును రెండు కీలుగా నకలు చేసి, ఒక్కోదానికి ఒక వర్టెక్స్ గ్రూప్ ఇవ్వండి. ముఖం మధ్యగీత దగ్గర రెండు గ్రూపుల బరువులూ 0.5, అటూ ఇటూ సుమారు పై పెదవి గాడి వెడల్పులో సున్నా నుంచి ఒకటికి మారాలి. నియమం ఒక్కటే: ప్రతి వర్టెక్స్ దగ్గర రెండు బరువుల మొత్తం కచ్చితంగా ఒకటి కావాలి. ఎడమ కుడి స్లయిడర్లు రెండూ 1 చేసినప్పుడు మొదట చెక్కిన నవ్వు అచ్చంగా తిరిగి రావాలి. పై పెదవి నడుమ చిన్న గుంటో బొడిపో కనిపిస్తే మొత్తం ఒకటి కావడం లేదన్నమాట.

నవ్వుతూ నోరు తెరిస్తే

నవ్వును మూసిన నోటితో చెక్కాం. దవడ బోన్‌ను 20 డిగ్రీలు తిప్పి నవ్వును 1 చేస్తే నోటి మూల దగ్గర ముఖం చెడుతుంది. కారణం తెలిసిందే: నోరు తెరిచినప్పుడు చెంప చర్మం అప్పటికే నిలువునా సాగి ఉంది. మూసిన నోటితో పైకి వెళ్లినంత దూరం మూల ఇప్పుడు వెళ్లలేదు. కానీ లెక్కకు అది తెలియదు, రెండు కదలికలనూ కూడేస్తుంది. మూల పదునైన కోణంలా తేలుతుంది, చెంప పలచబడుతుంది.

ఆ భంగిమలోనే ఉంచి, ఖాళీగా ఒక కొత్త కీ చేర్చి, దాని విలువను 1 చేసి స్కల్ప్ట్ మోడ్‌లో దిద్దండి. దవడ తిరిగి ఉన్నప్పటికీ బ్లెండర్ మీ బ్రష్ కదలికను తిప్పని మెష్‌కు తగ్గట్టు మార్చుకుని ఈ కీలోనే రాస్తుంది. నోటి మూల పైకి లేచిన దూరంలో మూడోవంతు దాకా తగ్గించి, దాన్ని కాస్త వెనక్కి తోయండి. కోణంగా ఉన్న మూలను గుండ్రం చేయండి. ముడత గడ్డం వైపు పొడవుగా, నిటారుగా సాగాలి. దవడ కిందికి దిగడంతో చెంప మధ్యలో పల్లం పడుతుంది, పళ్ల వరుస బయటపడకుండా దాన్ని కొద్దిగా నింపండి.

డ్రైవర్‌కు రెండు వేరియబుల్స్ కావాలి. s నవ్వు కీ విలువ. j దవడ బోన్ భ్రమణం. దీనికి `Transform Channel` రకం, `Local Space` ఎంచుకోవాలి. భ్రమణం రేడియన్లలో వస్తుంది, 20 డిగ్రీలంటే 0.35.

```
s * max(0, min(1, j/0.35))
```

మీ బోన్ తిరిగే దిశను బట్టి j రుణసంఖ్య కావచ్చు, అప్పుడు -j రాయండి. ఈ గుణకారంలోని గుణం ఏమిటంటే నవ్వు గానీ దవడ గానీ సున్నా అయితే దిద్దుబాటూ సున్నా. రెండూ సగంలో ఉంటే పావువంతే పనిచేస్తుంది, సాధారణంగా అంతే కావాలి కూడా.

ఇలాంటి జంటలు ఎన్ని చేయాలనేది అసలు ప్రశ్న. 52 షేప్‌లలో ప్రతి రెంటికీ చేస్తే అంతు ఉండదు. నిజంగా కలిసి వచ్చేవాటికే చేయండి: నవ్వుకూ దవడకూ ఒకటి, నవ్వుకూ చెంప బిగింపుకూ ఒకటి, రెప్ప మూతకూ చెంప బిగింపుకూ ఒకటి. పెదవులు ముందుకు చాచడం, నవ్వడం ఒకే చర్మాన్ని ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. వాటికి దిద్దుబాటు షేప్ కంటే, ఒకటి పెరిగేకొద్దీ రెండోదాని బలం తగ్గించడం మేలు.

కదలికలోని రబ్బరు

షేప్‌లన్నీ సరిగా ఉన్నా, అన్ని స్లయిడర్లకూ ఒకే ఫ్రేమ్‌లో మొదటి కీఫ్రేమ్, ఒకే ఫ్రేమ్‌లో చివరి కీఫ్రేమ్ పెడితే ముఖం మళ్లీ ఒకే సాగే పొరలా కదులుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెప్పకు నేను ఇచ్చే కీఫ్రేమ్‌లు ఇవి: 1వ ఫ్రేములో 0, 3లో 1, 4లో 1, 6లో 0.3, 9లో 0. మూసుకోవడం వేగం, తెరుచుకోవడం నిదానం. ఈ రెండూ సమానమైతే రెప్ప తలుపులా ఆడుతుంది.

చిరునవ్వుకు పైకి వెళ్లడానికి పన్నెండు నుంచి పద్నాలుగు ఫ్రేములు, దిగడానికి అంతకంటే ఎక్కువ ఇవ్వండి. చెంప బిగింపు రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా మొదలవ్వాలి. ఒకవైపు ఒక ఫ్రేము వెనుకగా, 0.9 దగ్గర ఆగాలి. బ్లెండర్ తనంతట తాను ఇచ్చే బెజియర్ వంపు రెండు చివర్లలోనూ సమానంగా నెమ్మదిస్తుంది. నవ్వుకు దాన్ని మార్చి, మొదట్లో వేగంగా లేచి చివర చాలాసేపు సర్దుకునేలా చేయండి. 1 దాటి వెళ్లి వెనక్కి వచ్చే అలవాటు శరీర కదలికల్లో బాగానే పనిచేస్తుంది కానీ, వాస్తవిక ముఖంలో నోటి మూల అలా దాటి వెనక్కి వస్తే వెంటనే రబ్బరు గుర్తొస్తుంది. కార్టూన్ పాత్రకు అదే కావాలనుకుంటే వేరే సంగతి.

గేమ్ ఇంజిన్‌కు పంపేటప్పుడు

రెండు విషయాలు ఇక్కడ చేతులెత్తేయిస్తాయి. మొదటిది వెలుగు. ఎగుమతి చేసేటప్పుడు షేప్ కీలతో పాటు వాటి నార్మల్స్ కూడా వెళ్లాలి. జీఎల్‌టీఎఫ్ ఎగుమతిలో దీనికి `Shape Key Normals` అనే టిక్ ఉంది. అది లేకపోతే చెంప ఉబ్బుతుంది గానీ దాని మీది నీడ మారదు, ముడత దిగుతుంది గానీ చీకటి పడదు. బ్లెండర్‌లో బాగున్న నవ్వు ఇంజిన్‌లో మైనంలా కనిపిస్తే ముందు ఇదే చూడండి.

రెండోది డ్రైవర్లు. షేప్‌లు వెళతాయి, సూత్రాలు వెళ్లవు. దిద్దుబాటు షేప్‌లు అక్కడ ఖాళీగా సున్నా దగ్గర పడి ఉంటాయి. అదే లెక్కను ఇంజిన్‌లో మళ్లీ రాయాలి. యూనిటీలో యానిమేషన్ పనిచేశాక నడిచే `LateUpdate` లో కింది విధంగా రాయండి. ఇందులో `smr` ముఖం మెష్ `SkinnedMeshRenderer`, `iBlink`, `iFix` వరుసగా `eyeBlinkLeft`, `eyeBlinkLeft_50` ల సూచిక సంఖ్యలు:

```
float b = smr.GetBlendShapeWeight(iBlink) / 100f;
float f = Mathf.Max(0f, 4f * b * (1f - b));
smr.SetBlendShapeWeight(iFix, f * 100f);
```

ఆ వందతో భాగించడం ముఖ్యం. యూనిటీలో బ్లెండ్ షేప్ విలువలు సాధారణంగా 0 నుంచి 100 దాకా నడుస్తాయి. భాగించకపోతే b విలువ 50 అయినప్పుడు సూత్రం పెద్ద రుణసంఖ్య ఇస్తుంది, `Max` దాన్ని సున్నా చేసేస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, కోడ్ నడుస్తున్నట్టే ఉంటుంది, రెప్ప మాత్రం కనుగుడ్డులోకి దిగుతూనే ఉంటుంది. అలా జరిగితే స్లయిడర్‌ను సగం దగ్గర ఆపి, ఇన్‌స్పెక్టర్‌లో `eyeBlinkLeft_50` విలువ 100 చూపుతోందో లేదో చూడండి.